3600కి తొమ్మిదే కారణాంకాలా? ఒక తప్పు జవాబు కేస్ స్టడీ

రైల్వే, కానిస్టేబుల్ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు సాయంత్రం పూట అంకగణితం చెబుతుంటాను. మా బ్యాచ్‌లో చాలామంది పగలు ఏదో ఒక పని చేసుకుని వచ్చేవాళ్లే. ఈ కేసులోని కుర్రాడు టైల్స్ కొట్టులో పనిచేసేవాడు. లెక్క చురుగ్గా చేస్తాడు, నోటి లెక్కయితే నాకంటే ముందే చెప్పేస్తాడు. అలాంటివాడి పేపర్లో ఒక ప్రశ్నకు వచ్చిన తప్పు జవాబు నాకు రెండు క్లాసుల పని పెట్టింది. మొదటి క్లాసు నేను రోగాన్ని తప్పుగా పట్టుకోవడం వల్ల వృథా అయింది కాబట్టి, అక్కడి నుంచే చెబుతాను.

ప్రశ్న ఇది: ఒకే కొలతలో 3600 చదరపు టైల్స్ ఉన్నాయి. ఒక్కటి కూడా మిగలకుండా, పగలకుండా, వాటిని ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలుగా పరచవచ్చు? చతురస్రాన్నీ కలుపుకోవాలి, 2 × 1800కీ 1800 × 2కీ తేడా లేదనుకోవాలి.

చేయాల్సిందల్లా 3600కి ఎన్ని కారణాంకాలున్నాయో లెక్కపెట్టి, వాటిని జతలు కట్టడం. 3600ను ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాస్తే 2⁴ × 3² × 5² వస్తుంది. ప్రతి ఘాతానికీ ఒకటి కలిపితే 5, 3, 3. గుణిస్తే 45. అంటే 45 కారణాంకాలు. ఇక జతలు: 1తో 3600, 2తో 1800, ఇలా వెళ్తూ వెళ్తూ 60 దగ్గర ఆగుతాం, దాని జత అదే. కాబట్టి 22 జతలు, మధ్యలో ఒంటరిగా 60, మొత్తం 23 దీర్ఘచతురస్రాలు.

మనవాడి పేపర్లో ఉన్నది ఒకే వాక్యం: "కారణాంకాలు 9, కాబట్టి 5 రకాలు."

మొదటి అంచనా, అది ఎందుకు తప్పింది

తొమ్మిది చూడగానే నాకు తోచింది ఒకటే. ఘాతాలు 4, 2, 2. కూడితే 8. దానికి ఒకటి కలిపితే 9. "ఒకటి కలపాలి" అన్నది గుర్తుంది, గుణించాలన్నది మరిచిపోయాడు అనుకున్నాను. ఈ తప్పు మా క్లాసులో కొత్తేం కాదు. దాంతో మర్నాడు పావుగంట పాటు, కూడికకీ గుణకారానికీ తేడా ఏమిటో బోర్డు మీద చెప్పాను. రెండు చొక్కాలు, మూడు ప్యాంట్లు ఉంటే ఐదు జతలు కావు, ఆరు జతలు అని పాత పాటే పాడాను. అతను తల ఊపాడు. మర్యాదగానే ఊపాడు, ఇప్పుడు ఆలోచిస్తే.

తర్వాత అదే లెక్క మళ్లీ చేయమన్నాను. మళ్లీ తొమ్మిదే వచ్చింది. ఈసారి పక్కన నిలబడి చూశాను కాబట్టి రఫ్ పేజీ కనబడింది. అందులో ఇలా ఉంది:

3600 = 60 × 60
60 = 4 × 15
3600 = 4² × 15²
(2 + 1)(2 + 1) = 9

గుణించాడు. ఒకటి కూడా కలిపాడు. నేను అంతకుముందు పావుగంట చెప్పిన పాఠం అతనికి అక్కర్లేనిది. సూత్రం అక్షరం పొల్లుపోకుండా వాడాడు, కాకపోతే ప్రధాన సంఖ్యలు కాని 4 మీద, 15 మీద వాడాడు.

నిజానికి తొమ్మిది రావడానికి ఇంకో దారి కూడా ఉందని తర్వాత గమనించాను. 3600కి బేసి కారణాంకాలు మాత్రమే లెక్కేస్తే, 2ను పక్కనపెట్టి 3 × 3, సరిగ్గా 9 వస్తాయి. ఎవడైనా 2⁴ రాయడం మరిచిపోయినా ఇదే జవాబు. ఒకే అంకెకు మూడు వేర్వేరు తప్పుల దారులున్నాయి. పేపర్లో జవాబు మాత్రం చూసి ఏ దారిన వచ్చాడో చెప్పడం కుదరదు. ఆ ప్రశ్నకు 3600ను ఎంచుకోవడంలోనే నా పొరపాటుంది.

4² × 15² దగ్గర ఏం జరిగింది

"ఇది ఎందుకు తప్పు సార్? నాలుక్కీ పదిహేనుకీ ఉమ్మడి కారణాంకం ఏమీ లేదు కదా, మీరే చెప్పారు విడగొట్టొచ్చని" అన్నాడు.

చెప్పిన మాట నిజమే. అంతకుముందు వారం ఒక అడ్డదారి చెప్పాను: ఒక సంఖ్యను గ.సా.భా. 1 అయ్యే రెండు ముక్కలుగా విడగొడితే, ఆ ముక్కల కారణాంకాల సంఖ్యలను గుణించి మొత్తం పొందవచ్చు. ఆ నియమంలో తప్పులేదు. 3600 = 16 × 225, ఈ రెంటికీ ఉమ్మడి ఏమీ లేదు. 16కి ఐదు కారణాంకాలు, 225కి తొమ్మిది, గుణిస్తే 45. అతను విడగొట్టడం సరిగ్గానే విడగొట్టాడు. తర్వాత ఒక్కో ముక్కకు ఎన్ని కారణాంకాలున్నాయో చూడకుండా, ముక్క మీదున్న ఘాతానికి ఒకటి కలిపేశాడు. రెండు నియమాలు ఒకదానిమీద ఒకటి పడి అతుక్కుపోయాయి. అడ్డదారి చెప్పేటప్పుడు ఆ తేడా నేను నొక్కి చెప్పలేదు.

ఒప్పించడానికి సూత్రంతో పనిలేదు. "3600ను నిశ్శేషంగా భాగించే అంకెలు ఒకటి నుంచి వరసగా చెప్పు" అన్నాను. 1, 2, 3, 4, 5, 6 చెప్పాడు. 7 పోదు. 8, 9, 10. పదకొండు పోదు. 12 అన్నాక ఆగి వేళ్లు చూసుకున్నాడు. పదైపోయాయి. పన్నెండు దాటకుండానే తొమ్మిది అనే జవాబు కూలిపోయింది.

ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. అర నిమిషం పట్టదు. ఎన్ని ఉన్నాయో పూర్తిగా చెప్పదు గానీ, జవాబు మరీ తక్కువ వచ్చినప్పుడు పట్టిస్తుంది. నేను అంతకుముందు నమ్ముకున్న ఇంకో పరీక్ష ఇక్కడ పనికిరాలేదు: ఖచ్చిత వర్గ సంఖ్యకు కారణాంకాలు బేసి సంఖ్యలో ఉంటాయి, మిగతావాటికి సరి సంఖ్యలో. 3600 ఖచ్చిత వర్గం, 9 బేసి. పరీక్షలో పాసైపోయింది. 45 కూడా బేసే మరి.

ఇక ఏవి తప్పిపోయాయో చూశాం. 4²ను 16గా చూస్తే దాని కారణాంకాలు 1, 2, 4, 8, 16. కానీ 4ను ఇటుకలా పట్టుకుని దాని ఘాతాలు మాత్రమే తీసుకుంటే దొరికేవి 1, 4, 16. రెండూ, ఎనిమిదీ మాయం. 15² అంటే 225 దగ్గర ఇంకా ఘోరం. అసలున్నవి 1, 3, 5, 9, 15, 25, 45, 75, 225. పదిహేను ఘాతాలుగా దొరికేవి 1, 15, 225 మాత్రమే. అతను లెక్కపెట్టిన తొమ్మిదీ నిజమైన కారణాంకాలే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. 4 లోపల దాక్కున్న 2, 15 లోపల విడివిడిగా ఉన్న 3, 5 బయటికి రాలేదు, అంతే.

ఒకటి కలపడం ఎక్కడి నుంచి వచ్చింది

అప్పుడు అర్థమైంది, ఇతనికి "ఒకటి కలుపు" అన్నది మంత్రంలా వచ్చుగానీ ఆ ఒకటి ఏమిటో తెలియదని. ఆ ఒకటి ఏమిటో తెలిసినవాడు 4² దగ్గర ఆగుతాడు.

టైల్స్ కొట్టులో ఉంటాడు కాబట్టి అపార్ట్‌మెంట్ల భాష బాగా వచ్చు. "జీ ప్లస్ ఫోర్ అంటే ఎన్ని అంతస్తులకు టైల్స్ కావాలి?" అని అడిగాను. "ఐదు సార్, కింద గ్రౌండ్ ఉంటుంది కదా" అన్నాడు వెంటనే. 2⁴ అంటే జీ ప్లస్ ఫోర్. ఆ బిల్డింగులో లిఫ్టు ఆగే చోట్లు ఐదు: 2 అసలు వాడకపోవడం గ్రౌండ్ ఫ్లోర్, ఒకసారి వాడితే మొదటి అంతస్తు, అలా నాలుగు దాకా. 3² ఒక జీ ప్లస్ టూ, 5² ఇంకో జీ ప్లస్ టూ.

ఇప్పుడు 3600కి ఒక కారణాంకం తయారు చేయడమంటే మూడు లిఫ్టులనూ ఒక్కో అంతస్తులో ఆపడం. 2 లిఫ్టు రెండో అంతస్తు, 3 లిఫ్టు ఒకటో అంతస్తు, 5 లిఫ్టు గ్రౌండ్ అయితే 4 × 3 × 1, అంటే 12. మూడూ గ్రౌండ్‌లో ఉంటే 1. మూడూ పైకప్పు కింద ఉంటే 3600. ఒక లిఫ్టు ఎక్కడ ఆగినా మిగతావాటికి అడ్డం లేదు కాబట్టి 5 × 3 × 3.

ఇక్కడ రెండు అనుమానాలు రావాలి. రాకపోతే నేనే లేవనెత్తుతాను. మొదటిది, ఇలా తయారుకాని కారణాంకం ఏదైనా మిగిలిపోతుందా? 3600ను భాగించే సంఖ్యలో 7 ఉండటానికి వీల్లేదు, 3600లో 7 లేదు గనక. 27 కూడా కుదరదు, మూడు మూళ్లు కావాలి, మన దగ్గర రెండే ఉన్నాయి. కాబట్టి ఏ కారణాంకమైనా ఈ మూడు బిల్డింగుల లోపలే ఉండాలి. రెండోది, లిఫ్టులు వేర్వేరు చోట్ల ఆగినా ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? రాదు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాసే తీరు ఒక్కటే, వరస మారినా సరకు మారదు. పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అని చదివి వదిలేసేది ఇదే. మొత్తం సూత్రం దీని మీదే నిలబడింది.

ఈ రెండో అనుమానం ఎంత ముఖ్యమో ముందు బెంచీ అమ్మాయి వల్ల తేలింది. "ప్రధాన సంఖ్యలు కాకపోతే ఎప్పుడూ తక్కువే వస్తుందా సార్?" అని అడిగింది. అవునన్నాను. తొందరపడ్డాను. రెండు నిమిషాలకు ఆమె 64ను 2² × 4² అని రాసి, 3 × 3 = 9 అని చూపించింది. 64 అంటే 2⁶, దానికి ఏడే కారణాంకాలు. ఈసారి ఎక్కువ వచ్చింది. కారణం తేలికే: 2 రెండో అంతస్తులో ఉండి 4 గ్రౌండ్‌లో ఉన్నా 4 వస్తుంది, 2 గ్రౌండ్‌లో ఉండి 4 ఒకటో అంతస్తులో ఉన్నా 4 వస్తుంది. అలాగే 16 కూడా రెండుసార్లు వస్తుంది. ఆ రెండూ అదనం. బోర్డు మీద "అవును" అని రాసిన నా మాటను నేనే చెరిపేశాను. సంయుక్త సంఖ్య లోపలి ముక్కలు బయటపడకపోతే తక్కువ వస్తుంది, రెండు ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొరబడితే ఎక్కువ వస్తుంది. రెండూ ఒకేసారి జరిగి జవాబు పొరపాటున సరిపోయే అవకాశం కూడా ఉంది, అది మరీ ప్రమాదం.

సరిదిద్దాక చూసినవి

లిఫ్టుల బొమ్మ పట్టుకున్నాక కొన్ని ప్రశ్నలు వాడే చేసుకుపోయాడు. 3600కి సరి కారణాంకాలు ఎన్ని? 2 లిఫ్టు గ్రౌండ్‌లో ఆగకూడదు, కాబట్టి 4 × 3 × 3 = 36. బేసివి 9. రెండూ కలిపితే 45, సరిపోయింది. సున్నాతో ముగిసేవి ఎన్ని? 2 లిఫ్టూ 5 లిఫ్టూ రెండూ గ్రౌండ్ వదలాలి: 4 × 3 × 2 = 24. ఖచ్చిత వర్గాలైన కారణాంకాలు అడిగితే కాస్త ఆలోచించి, లిఫ్టులు సరి అంతస్తుల్లోనే ఆగాలన్నాడు: 2కి గ్రౌండ్, రెండు, నాలుగు. 3కి గ్రౌండ్, రెండు. 5కీ అంతే. 3 × 2 × 2 = 12. ఈ ప్రశ్నలకు విడివిడిగా సూత్రాలు బట్టీ పట్టేవాళ్లను చూశాను, పరీక్ష హాల్లో ఏది దేనికో కలిసిపోతుంది.

టైల్స్ జతల దగ్గర మాత్రం చిన్న తడబాటు. 45ను రెండుతో భాగించి 22.5 అని ఆగిపోయాడు. సగం దీర్ఘచతురస్రం ఏమిటని అతనికే నవ్వొచ్చింది. 60 × 60 తనకు తానే జత అని చెప్పనక్కర్లేదు, గదుల కొలతలు రోజూ చూసేవాడు కదా, తనే పట్టుకుని 23 అన్నాడు.

మళ్లీ తప్పింది ఇంకోచోట. వారం తర్వాత 1092 ఇచ్చాను. రెండుతో రెండుసార్లు, మూడుతో ఒకసారి భాగించి, మిగిలిన 91 దగ్గర ఆపేశాడు. 2² × 3 × 91, కాబట్టి 3 × 2 × 2 = 12. అసలు 91 అంటే 7 × 13. కావాల్సింది 3 × 2 × 2 × 2 = 24. ఈ తప్పు 4² × 15² తప్పుకు తమ్ముడే. అక్కడ సంయుక్త సంఖ్య అని తెలిసి వాడాడు, ఇక్కడ ప్రధాన సంఖ్య అనుకుని వాడాడు. లెక్క అంతా శుభ్రంగా ఉంటుంది, చివరి మెట్టు ఒక్కటే ఎక్కరు.

ప్రధాన సంఖ్యల్లా కనబడి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. 51, 57, 87 అంకెల మొత్తం చూస్తే మూడుకు దొరికిపోతాయి. 91, 119, 133, 161 అన్నీ ఏడు కిందికి వస్తాయి, ఏడుకు అంత తేలికైన గుర్తు లేదు గనక జారిపోతాయి. 143కైతే పదకొండుతో చూడాలి. నేను పెట్టిన షరతు ఇది: భాగహారం చివర మిగిలిన సంఖ్య దగ్గర ఆగేముందు, దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూసినట్టు రఫ్‌లో కనబడాలి. 91కి వర్గమూలం పదిలోపే, కాబట్టి 2, 3, 5, 7 చాలు. ఏడు దగ్గరే బయటపడిపోతుంది.

"అయితే 91 కనబడితే జవాబు రెట్టింపు చేస్తే సరిపోతుంది కదా సార్" అన్నాడు. 1092కి సరిపోతుంది. 637 ఇచ్చాను. 7 × 91 అని రాస్తే నాలుగు వస్తాయి, రెట్టిస్తే ఎనిమిది. కానీ అది 7² × 13, కారణాంకాలు 3 × 2 = 6. బయట అప్పటికే ఒక 7 ఉంది, లోపలి 7 దాంతో కలిసి ఘాతం పెరిగింది. కొత్త ప్రధాన సంఖ్య వస్తే రెట్టింపు, పాతదే వస్తే అంత కాదు. అతుకు వేయడం కంటే మళ్లీ మొదటి నుంచి విడగొట్టడమే తక్కువ పని.

నా వైపు మార్చుకున్నవి

ప్రశ్నల్లో 3600 తీసేసి 1800 పెట్టాను. 1800 = 2³ × 3² × 5², కారణాంకాలు 4 × 3 × 3 = 36. ఒకటి కలపడం మరిచినవాడికి 3 × 2 × 2, అంటే 12 వస్తుంది. గుణించడానికి బదులు కూడినవాడికి 7కు ఒకటి కలిపి 8. 2ను పూర్తిగా వదిలేసినవాడికి 9. 18 × 10² అనో 2 × 30² అనో రాసినవాడికి 6. జవాబు చూడగానే ఎవరు ఎక్కడ దారి తప్పారో చాలావరకు తెలుస్తుంది. చాలావరకే. ఎవడైనా 2³ × 15² అని రాస్తే 4 × 3, మళ్లీ 12 వచ్చి, ఒకటి కలపనివాడితో కలిసిపోతాడు. అందుకని ఇప్పుడు రఫ్ పేజీ కూడా పిన్ను కొట్టి ఇమ్మంటున్నాను. పిల్లలకు అదంటే చిరాకు.

గ.సా.భా. 1 అయితే విడగొట్టవచ్చన్న అడ్డదారిని మానలేదు, పెద్ద సంఖ్యలకు అది బాగా పనికొస్తుంది. చెప్పేటప్పుడు మాత్రం 16 × 225నూ 4² × 15²నూ పక్కపక్కన రాసి, రెండూ ఒకే సంఖ్య అయినా ఒకదానికి 45, ఒకదానికి 9 ఎందుకొచ్చిందో వాళ్లనే చెప్పమంటున్నాను.

ఆ కుర్రాడి చివరి పేపర్లో 5040 ఉంది. 2⁴ × 3² × 5 × 7. ఐదు, మూడు, రెండు, రెండు, గుణిస్తే 60. 5, 7ల మీద ఘాతం కనబడకపోయినా అక్కడ ఒకటి ఉందని, అది జీ ప్లస్ వన్ అని పట్టుకున్నాడు. ఈ 5040 పాత సంఖ్యే. ప్లేటో తన ఊహా నగరంలో భూములున్న కుటుంబాలు 5040 ఉండాలన్నాడు, ఎన్నో రకాలుగా సమానంగా పంచుకోవచ్చని. దానికి 59 భాజకాలని రాశాడు. మనకు 60 వస్తున్నాయి, ఒక కొసను అతను లెక్కలోకి తీసుకోలేదన్నమాట. మన పేపర్లో ప్రశ్న మరో రకంగా ఉంది: "1, 5040 కాకుండా ఎన్ని?" అంటే లిఫ్టులన్నీ గ్రౌండ్‌లో ఉన్నదీ, అన్నీ పైన ఉన్నదీ తీసేయాలి.

అతను 60 రాసి, ప్రశ్న మళ్లీ చదివి, కొట్టేసి, పక్కన 58 వేశాడు.